వర్గ సమీకరణాలు, 5వ పాఠం: విచక్షణి రుణాత్మకమైనప్పుడు మూలాల జంటను చదవడం

పోయిన పాఠం చివర ఇచ్చిన 2x² − 6x + 17 = 0 చాలామందిని ఇబ్బంది పెట్టింది. జవాబులు మూడు రకాలుగా వచ్చాయి. కొందరు 4, −1 అన్నారు. కొందరు 3/2 ± 10i అన్నారు. మిగతావాళ్లకు 3/2 ± (5/2)i వచ్చింది, సరైన జవాబు అదే. నాకు చికాకు కలిగించింది తప్పులు కాదు. తప్పు రాసినవాళ్లు కూడా "సరిచూశాం, మూలాల మొత్తం 3 వచ్చింది" అని రాశారు. నిజమే, మూడు జవాబుల్లోనూ మొత్తం 3 వస్తుంది. అందుకే ఈ పాఠంలో ఎక్కువ భాగం ఆ సరిచూడటం గురించే.

ముందు లెక్క చేద్దాం. a = 2, b = −6, c = 17. విచక్షణి b² − 4ac = 36 − 136 = −100. ఇక్కడ √(−100) అంటే 10i. దీన్ని −10 అని రాసినవాళ్లకే 4, −1 వచ్చాయి. (−10)² అంటే +100 కదా, −100 కాదు. రుణ గుర్తును వర్గమూలం బయటికి ఊరికే లాగకూడదు, అది i రూపంలోనే బయటికి వస్తుంది.

x = (6 ± 10i)/4

ఈ హారం 4 పైనున్న రెండు పదాలకూ చెందుతుంది. 6/4 = 3/2, 10/4 = 5/2. రెండో రకం తప్పులో 6ను మాత్రమే భాగించి 10iని అలాగే వదిలేశారు. నేనైతే ఈ మెట్టులోనే రెండు భిన్నాలుగా విడదీసి 6/4 ± (10/4)i అని రాస్తాను, సూక్ష్మీకరణ ఆ తర్వాతే. ఒక గీత ఎక్కువ పడుతుంది, కానీ హారం తప్పిపోదు.

ఇప్పుడు సరిచూడటం. మూలాలు α + βi, α − βi అనుకోండి. కూడితే 2α వస్తుంది. β కొట్టుకుపోయింది, అంటే మొత్తానికి βతో సంబంధమే లేదు. మీరు β స్థానంలో 5/2 రాసినా, 10 రాసినా, నూరు రాసినా మొత్తం 3 గానే ఉంటుంది. 4, −1 విషయంలోనూ అంతే: సూత్రంలో ± తర్వాత ఏది రాసినా కూడినప్పుడు పోతుంది. కాబట్టి మొత్తం సరిపోయిందంటే −b/2a భాగం సరిగ్గా రాశారని మాత్రమే అర్థం. తప్పు ఎక్కువగా జరిగేది రెండో భాగంలో, దాన్ని మొత్తం అసలు చూడదు.

చూసేది లబ్ధం. (α + βi)(α − βi) = α² − β²i² = α² + β². ఇది c/a కి, అంటే 17/2 కి సమానం కావాలి. సరైన జవాబుతో 9/4 + 25/4 = 34/4 = 17/2, సరిపోయింది. 3/2 ± 10i తో 9/4 + 100 వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. 4, −1 ల లబ్ధం −4, గుర్తు కూడా కలవలేదు. లబ్ధం వేసేటప్పుడు i² = −1 అన్నది మరిచి α² − β² అని రాస్తే మాత్రం సరైన మూలాలకు కూడా 9/4 − 25/4 = −4 వచ్చి మిమ్మల్ని తికమక పెడుతుంది. సంయుగ్మ జంట లబ్ధం ఎప్పుడూ రెండు వర్గాల మొత్తం, కాబట్టి అది రుణాత్మకం కాదు.

అలాగని లబ్ధం ఒక్కటే చాలదు. −3/2 ± (5/2)i అని α గుర్తు తప్పు రాస్తే లబ్ధం 17/2 గానే వస్తుంది, అప్పుడు పట్టిచ్చేది మొత్తం. రెండూ చూడాలి. టైమ్ లేకపోతే లబ్ధం ముందు చూడండి.

ఇక ఈ జంటను చదవడం. y = 2x² − 6x + 17 గ్రాఫ్ గీస్తే ఆ పరావలయం x-అక్షాన్ని తాకదు, మొత్తం పైనే ఉంటుంది. మరి మూలాలు గ్రాఫ్‌లో ఎక్కడున్నాయి? వర్గం పూర్తి చేసి రాయండి:

y = 2(x − 3/2)² + 25/2

శీర్షం x = 3/2 దగ్గర ఉంది, అదే α. శీర్షం ఎత్తు 25/2, ఇది aβ², అంటే 2 × 25/4. కాబట్టి వాస్తవ భాగం పరావలయం మధ్యగీత ఎక్కడుందో చెబుతుంది. కల్పిత భాగం శీర్షం అక్షానికి ఎంత ఎత్తున ఉందో చెబుతుంది, అయితే ఆ ఎత్తును aతో భాగించి వర్గమూలం తీయాలి.

ఇప్పుడు ఆ పరావలయాన్ని శీర్షం దగ్గరే పట్టుకుని తలకిందులు చేయండి: y = −2(x − 3/2)² + 25/2. ఇది x-అక్షాన్ని 3/2 + 5/2, 3/2 − 5/2 దగ్గర ఖండిస్తుంది. అంటే 4, −1. మొదటి రకం తప్పు జవాబులో వచ్చిన అంకెలే ఇవి! √(−100) బదులు −10 రాసినవాళ్లు తెలియకుండానే తలకిందులు చేసిన పరావలయం మూలాలు కనుక్కున్నారు. ఇది ఈ లెక్కకే పరిమితం కాదు. వాస్తవ గుణకాలున్న ఏ సమీకరణంలోనైనా i వదిలేస్తే జరిగేది ఇదే.

a = 1 అయినప్పుడు నేను సూత్రం జోలికే పోను. b లో సగం తీసి గుర్తు మారిస్తే α, తర్వాత β² = c − α². 1545లో ఇటలీ గణితవేత్త కార్డానో ఇచ్చిన సమస్య ఇలాగే చేయొచ్చు: 10ని రెండు భాగాలు చేయాలి, వాటి లబ్ధం 40 కావాలి. సమీకరణం x² − 10x + 40 = 0. α = 5, β² = 40 − 25 = 15. మూలాలు 5 ± i√15. i ని వర్గమూలం గుర్తుకు ముందే రాయండి, వెనక రాస్తే గీత సాగి i దాని కిందికి చేరిపోతుంది. b = 0 అయితే చెప్పేదేమీ లేదు, x² + 9 = 0 కి ±3i.

ఒక షరతు మాత్రం గుర్తుంచుకోవాలి. సంయుగ్మ జంట రావాలంటే a, b, c మూడూ వాస్తవ సంఖ్యలు కావాలి. విచక్షణి రుణాత్మకం కావడం ఒక్కటే సరిపోదు. x² − ix + 2 = 0 చూడండి. విచక్షణి i² − 8 = −9. మూలాలు (i ± 3i)/2, అంటే 2i, −i. ఇవి సంయుగ్మాలు కావు. b లోనే i ఉంది కాబట్టి −b/2a వాస్తవం కాలేదు, ± గుర్తు రెండు వైపులా సమానంగా పంచాల్సిన మధ్యబిందువే పక్కకు జరిగింది.

అభ్యాసం:

మొదటిది, 5x² + 2x + 1 = 0 సాధించి లబ్ధంతో సరిచూడండి. 1/5 రావాలి.

రెండోది, వాస్తవ గుణకాలున్న ఒక వర్గ సమీకరణానికి 3 − 2i ఒక మూలం. సూత్రం వాడకుండా సమీకరణం రాయండి.

మూడోదానికి ఒక సాయంత్రం పడుతుంది. x² + kx + 25 = 0 లో k వాస్తవ సంఖ్య. ఏయే k విలువలకు మూలాలు వాస్తవాలు కావో కనుక్కోండి. k = 6, k = 8, k = 0 లకు మూలాలను వాస్తవ భాగం అడ్డంగా, కల్పిత భాగం నిలువుగా తీసుకుని బిందువులుగా గుర్తించండి. అవన్నీ ఒకే వక్రం మీద పడతాయి. ఆ వక్రం ఏదో, మూలాలు వాస్తవాలు కానంతవరకు k మారినా అవి దాన్ని ఎందుకు దాటవో నిరూపించండి. k = 10 దగ్గర జంట ఏమవుతుందో కూడా రాయండి. వచ్చే పాఠం అక్కడినుంచే మొదలవుతుంది.