కార్డుతో స్కూల్ ఫీజు కట్టే ముందు చూసుకోవాల్సినవి

అనంతపురంలో మా పాప ఫీజు 40,000. యాప్‌లో క్రెడిట్ కార్డుతో కట్టాను, మొత్తం 41,180 పడింది.

కార్డు వాడితే బ్యాంకులకు, నెట్‌వర్క్‌కు కొంత శాతం వెళ్తుంది. దుకాణంలో దాన్ని వ్యాపారి భరిస్తాడు. స్కూలు భరించదు కాబట్టి యాప్ మన దగ్గరే కన్వీనియన్స్ ఫీజుగా తీసుకుంటుంది. నాకు ఒకటిన్నర శాతం, అంటే 600. దానిపై 18 శాతం జీఎస్‌టీ 108. పన్ను ఈ సేవ మీదే, స్కూల్ ఫీజు మీద కాదు.

• పే నొక్కే ముందు చివరి మొత్తం చూడండి. 40,708 అక్కడే కనిపిస్తుంది.

• అక్కడ కనిపించనిది మీ బ్యాంకు ఛార్జీ. నా కార్డుకు 1 శాతం, 400; జీఎస్‌టీ 72. ఇది స్టేట్‌మెంట్‌లో వేరే లైన్లుగా వచ్చింది. కార్డు ఛార్జీల పట్టికలో ఎడ్యుకేషన్ వరుస ముందే చదవండి.

• స్కూల్ కౌంటర్‌లో స్వైపింగ్ మిషన్ ఉందేమో అడగండి. యాప్ ద్వారా కడితేనే ఈ 1 శాతం వేసే బ్యాంకులున్నాయి.

• రివార్డు పాయింట్ల కోసమైతే, స్కూల్ ఫీజుకు పాయింట్లు ఇస్తారో లేదో చూసుకోండి. చాలా కార్డులు ఇవ్వవు.