కుక్కర్‌లో ఉడికించినా బ్రాత్ మసకబారుతోందా? బ్యాక్టీరియా గోడ దాటి వెతకండి

విశాఖలో డిగ్రీ మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ చేసేవాళ్లకు ఆటోక్లేవ్ ఎప్పుడూ ఖాళీగా దొరకదు. ప్రెషర్ కుక్కర్‌తో పని కానిచ్చేస్తాం. ఎక్కువ టెన్షన్ పెట్టే సమస్య అక్కడే మొదలవుతుంది కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

సమస్య: ఏమీ కలపని న్యూట్రియెంట్ బ్రాత్ మర్నాటికే మసకబారింది

పారబోసే ముందు ఒక చుక్క తీసి గ్రామ్ స్టెయిన్ చేయండి. ద్రాక్షగుత్తుల్లా గుండ్రటి కణాలు కనిపిస్తే, స్టెరిలైజ్ చేశాక చేతుల నుంచో గాలి నుంచో వచ్చి పడ్డాయన్నమాట. కుక్కర్ తప్పేం లేదు. అలా కాక ఊదారంగు కడ్డీలు, వాటి లోపల రంగు పట్టని చిన్న గుడ్డు ఆకారపు ఖాళీలు కనిపిస్తే అనుమానం ఎండోస్పోర్‌ల మీదకు వెళ్లాలి. నిర్ధారణకు మాలకైట్ గ్రీన్‌ను ఆవిరి మీద 5 నిమిషాలు పట్టించి, నీళ్లతో కడిగి, సాఫ్రనిన్ వేయండి. స్పోర్‌లు పచ్చగా, మిగతా కణం ఎర్రగా కనిపిస్తాయి.

కారణం

బాసిల్లస్ లాంటి బ్యాక్టీరియా తిండి కరువైనప్పుడు డీఎన్‌ఏను ఒక గట్టి గింజలాంటి దానిలో మూటగట్టి దాచుకుంటాయి. దాని మధ్యభాగంలో నీరు చాలా తక్కువ. కాల్షియంతో కలిసిన డైపికోలినిక్ ఆమ్లం అక్కడ నిండి ఉంటుంది, చిన్న ప్రోటీన్లు డీఎన్‌ఏను అంటిపెట్టుకుని కాపాడతాయి. పైన పొర మీద పొర ఉండటం వల్లే మామూలు రంగు లోపలికి పోదు. వైజాగ్ సముద్రమట్టానికి దగ్గర కాబట్టి నీళ్లు దాదాపు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి, అరకులో అయితే ఇంకో రెండు మూడు డిగ్రీలు తక్కువకే. ఎక్కడైనా సరే, కాసేపు మరిగిస్తే ఈ స్పోర్‌లు చావవు.

మరి కుక్కర్‌లో ఎలా బతికాయి? లోపల గాలి ఉండిపోవడం వల్ల. గాలంతా పోయి ఆవిరి మాత్రమే ఉంటే 15 పౌండ్ల పీడనం దగ్గర 121 డిగ్రీలు వస్తుంది. గాలి అసలు పోకపోతే అదే పీడనం చూపిస్తున్నా లోపల వేడి 100 దగ్గరే ఉంటుంది.

పరిష్కారం

వెయిట్ పెట్టకుండా మంట మీద ఉంచండి. ఆవిరి ఆగకుండా ధారగా వచ్చాక మరికొన్ని నిమిషాలు వదిలేసి, అప్పుడు వెయిట్ పెట్టండి. మొదటి విజిల్ తర్వాత మంట తగ్గించి గడియారం చూసి 15 నిమిషాలు ఉంచండి. పప్పుకు విజిళ్ల లెక్క సరిపోతుంది, స్పోర్‌కు సరిపోదు. పెద్ద ఫ్లాస్కులో మధ్యకు వేడి చేరడానికి ఇంకా సమయం పడుతుంది కాబట్టి చిన్న ట్యూబుల్లో పంచుకోవడం నయం. కుక్కర్‌ను దానంతట అదే చల్లారనివ్వాలి. తొందరపడి వెయిట్ లేపితే బ్రాత్ పొంగి దూదిబిరడాలు తడిసిపోతాయి. మన సముద్రపు తేమలో అవి ఒకపట్టాన ఆరవు, తడి బిరడా గుండా సూక్ష్మజీవులు లోపలికి దిగుతాయి.

కుక్కర్ కూడా లేకపోతే టిండాల్ పద్ధతి ఉంది: ఆవిరిలో 100 డిగ్రీల దగ్గర అరగంట చొప్పున వరుసగా మూడు రోజులు. మధ్యలో గది వేడికి వదిలేస్తే స్పోర్‌లు మొలకెత్తి మామూలు కణాలవుతాయి, మర్నాటి వేడికి చస్తాయి. పోషకాలున్న మీడియాకే ఇది పనికొస్తుంది. ఉత్త నీటిలో మొలకెత్తవు కాబట్టి చావవు కూడా. అలాగే బల్లను స్పిరిట్‌తో తుడిచి స్పోర్‌లు పోయాయనుకోకండి. వాటికి అప్పుడే కలిపిన బ్లీచింగ్ ద్రావణం కావాలి.

సమస్య: క్లెబ్సియెల్లా స్లైడ్‌లో క్యాప్సూల్ కనిపించడం లేదు

ప్లేటు మీద కాలనీ జిగటగా ఉండి, లూప్‌తో లాగితే తీగలా సాగుతోందంటే క్యాప్సూల్ ఉందనే అనుమానించాలి. తెల్లరక్తకణాలు మింగకుండా కాపాడే కవచం అదే. కానీ అందులో ఎక్కువ భాగం నీరే, అందుకే స్లైడ్‌ను మంట మీద ఫిక్స్ చేస్తే ముడుచుకుపోతుంది. ఫిక్స్ చేయకుండా తడి స్లైడ్ మీద ఇండియా ఇంక్‌తో కలిపి కవర్‌స్లిప్ పెట్టి చూడండి. నల్లటి నేపథ్యంలో కణం చుట్టూ వెలుగు వలయం కనిపిస్తుంది. అప్పటికీ లేకపోతే కల్చర్‌ను పదేపదే మార్చడంలో ఆ లక్షణం పోయి ఉండొచ్చు. పాత స్టాక్ నుంచి మళ్లీ మొదలుపెట్టండి.

సమస్య: యాంపిసిలిన్ ప్లేటు మీద పెద్ద కాలనీ చుట్టూ బుల్లి కాలనీలు

పెద్దదానిలో నిరోధక జన్యువున్న ప్లాస్మిడ్ ఉంది. అది వదిలే బీటా-లాక్టమేజ్ చుట్టుపక్కల మందును విరగ్గొడుతుంది, ఆ నీడలో ప్లాస్మిడ్ లేనివీ పెరుగుతాయి. పెద్ద కాలనీనే తీసుకోండి, ప్లేటును 16 గంటలకు మించి ఇంక్యుబేటర్‌లో ఉంచకండి. వీలైతే కార్బెనిసిలిన్ వాడండి, అది అంత త్వరగా విరగదు.

ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి ప్లాస్మిడ్‌ను దాటించే ప్రయోగంలో ఫలితం రాకపోతే షేకర్ ఆపి చూడండి. ఇచ్చే కణం సెక్స్ పైలస్‌తో రెండోదాన్ని పట్టుకుని దగ్గరకు లాక్కోవాలి. గట్టిగా కుదిపితే ఆ జంటలు విడిపోతాయి. రెండు కల్చర్లనూ కలిపి 37 డిగ్రీల దగ్గర గంటసేపు కదపకుండా ఉంచి, ఆ తర్వాతే ప్లేటు మీద పూయండి.