ఆఫర్ ఓకే చేసేముందు, 3వ భాగం: అప్రైజల్ ఎప్పుడు అని కాదు, కటాఫ్ ఎప్పుడు అని అడగండి

పోయిన భాగంలో ఆఫర్ బ్రేకప్ తీసుకుని ఫిక్స్‌డ్ ఎంత, వేరియబుల్ ఎంత అని విడదీసుకున్నాం కదా, ఆ కాగితం పక్కన పెట్టుకోండి, దాన్లోంచి ఈరోజు మనకి కావాల్సింది ఫిక్స్‌డ్ ఒక్కటే. ఇవాళ్టి పాఠం రిక్రూటర్‌తో మాట్లాడే ఒక పది నిమిషాల ఫోన్ కాల్ గురించి. చాలామంది ఈ కాల్‌లో జీతం గురించే బేరమాడి, చివర్లో పోయేటప్పుడు "అప్రైజల్స్ ఎలా ఉంటాయండి" అని ఒక మాట అడిగి, "ఇయర్లీ వన్స్ అండి, పర్ఫార్మెన్స్ బేస్డ్" అనగానే ఓహో అనుకుని పెట్టేస్తారు. నేనూ అలాగే పెట్టేశాను ఒకప్పుడు.

అక్టోబర్ మొదటివారంలో జాయిన్ అయ్యా. అప్రైజల్ ఏప్రిల్‌లో అన్నారు, ఆర్నెల్లేగా అనుకున్నా. ఏప్రిల్ వచ్చింది, టీమ్‌లో అందరికీ లెటర్లు వచ్చాయి, నాకు రాలేదు. మేనేజర్‌ని అడిగితే పాపం ఆయనే ఇబ్బందిపడుతూ "నువ్వు కటాఫ్ తర్వాత జాయిన్ అయ్యావు, నెక్స్ట్ సైకిల్‌లో చూద్దాం" అన్నాడు. రిక్రూటర్ అబద్ధం ఏమీ చెప్పలేదు, ఏడాదికోసారే, ఏప్రిల్‌లోనే, నేనే అడగాల్సిన ప్రశ్న అడగలేదు.

అందుకని ముందు ఇది అర్థం చేసుకోండి. అప్రైజల్ అనే ఒక్క మాట వెనక నాలుగు తేదీలు ఉంటాయి. ఏ నెల నుంచి ఏ నెల వరకు చేసిన పనిని లెక్కలోకి తీసుకుంటారు అనేది ఒకటి, దాన్నే రివ్యూ పీరియడ్ అంటారు. ఏ తేదీ లోపు చేరినవాళ్ళు ఆ సైకిల్‌కి ఎలిజిబుల్ అనేది రెండోది, అదే కటాఫ్. పెరిగిన జీతం ఏ తేదీ నుంచి వర్తిస్తుంది అనేది మూడోది. చేతికి నిజంగా ఏ నెల జీతంలో వస్తుంది అనేది నాలుగోది. మూడుకీ నాలుగుకీ మధ్య రెండు మూడు నెలలు గ్యాప్ ఉండొచ్చు, కొన్నిచోట్ల ఆ గ్యాప్ డబ్బులు ఎరియర్స్‌గా కలిపి ఇస్తారు, కొన్నిచోట్ల ఇవ్వరు, అది కూడా అడగొచ్చు గానీ దానివల్ల పెద్ద ప్రాణం పోదు. ప్రాణం పోయేది రెండోదాని దగ్గరే.

లెక్క వేసి చూద్దాం. మీ నెల ఫిక్స్‌డ్‌ని 100 అనుకోండి. రివ్యూ పీరియడ్ ఏప్రిల్ నుంచి మార్చి, హైక్ ఏప్రిల్ 1 నుంచి, కటాఫ్ సెప్టెంబర్ 30. సగటున 8 శాతం ఇస్తారు అనుకుందాం. మీరు చేరే తేదీ అక్టోబర్ 6. అంటే కటాఫ్ దాటి ఆరు రోజులు. వచ్చే ఏప్రిల్‌లో మీకేం లేదు, ఆ పై ఏప్రిల్ దాకా ఆగాలి, అంటే చేరిన దగ్గర్నుంచి దాదాపు 18 నెలలు అదే 100 మీద.

అదే సెప్టెంబర్ 30కే చేరి ఉంటే? ఇక్కడ ఇంకో మెలిక ఉంది, ప్రొరేటా. కొత్తగా చేరినవాళ్ళకి పూర్తి 8 శాతం ఇవ్వకుండా పనిచేసిన నెలలని బట్టి ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. ఆరు నెలలు కాబట్టి సగం, 4 శాతం. అంటే ఆ ఏప్రిల్ నుంచి నెలకి 104, ఏడాదికి 48 ఎక్కువ, అంటే సుమారు సగం నెల జీతం. ప్రొరేటా లేని కంపెనీ అయితే 108, ఏడాదికి 96, అంటే నెల జీతానికి కాస్త తక్కువ. అంతటితో అయిపోదు, ఎందుకంటే తర్వాతి హైక్ దానిమీదే పడుతుంది, ఒకరికి 104 మీద 8 శాతం అంటే 112 చిల్లర, ఇంకొకరికి 100 మీద 8 శాతం అంటే 108. ఆ తేడా మీరు ఆ కంపెనీలో ఉన్నన్నాళ్ళూ వెంట వస్తూనే ఉంటుంది. ఆరు రోజులకి.

కాబట్టి కాల్‌లో అడగాల్సింది ఇలా. ఫోన్ మీద మాట్లాడుతున్నట్టే రాస్తున్నా, మీ ధోరణిలోకి మార్చుకోండి.

"మేడమ్, జాయినింగ్ డేట్ ఫిక్స్ చేసుకునేముందు ఒకటి క్లారిఫై చేసుకుందామని. నేను అక్టోబర్ 6కి చేరితే వచ్చే ఏప్రిల్ సైకిల్‌కి ఎలిజిబుల్ అవుతానా?"

"అప్రైజల్ అందరికీ ఏప్రిల్‌లోనే ఉంటుందండి."

"అవునండి, అది ఓకే. ఆ సైకిల్‌కి జాయినింగ్ కటాఫ్ డేట్ ఏమైనా ఉందా అని."

"ఉండొచ్చండి... నేను కనుక్కుని చెప్తాను."

"సరేనండి, కనుక్కునేటప్పుడు ప్రొరేటా ఉంటుందా, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్ళకి కూడా వర్తిస్తుందా అనేది కూడా ఒకసారి అడగండి. తెలిశాక మెయిల్‌లో ఒక లైన్ పెట్టేస్తే చాలు."

చూశారుగా, మొదటి జవాబు మన ప్రశ్నకి జవాబు కాదు. మీ తేదీ పెట్టి అడిగితేనే ఆ తప్పించుకోవడం బయటపడుతుంది, "ఎలా ఉంటుంది" అని అడిగితే ఎవరైనా ఎలాగోలా చెప్తారు. ఇందులో రిక్రూటర్‌ని తప్పుపట్టడానికీ లేదు, బయటి కన్సల్టెన్సీ వాళ్ళయితే కంపెనీ పాలసీ వాళ్ళ చేతిలో ఉండకపోవచ్చు, "కంపెనీ హెచ్ఆర్‌ని అడిగి చెప్పండి" అనడమే మంచిది. ప్రొబేషన్ మాట ఎందుకు కలిపానంటే, కటాఫ్ లోపే చేరినా కన్ఫర్మ్ అవ్వని వాళ్ళని పక్కన పెట్టే చోట్లు కూడా ఉన్నాయి.

టైమింగ్ గురించి ఒక మాట. ఈ ప్రశ్న మొదటి స్క్రీనింగ్ కాల్‌లో వద్దు, అప్పుడు మిమ్మల్ని వాళ్ళు ఇంకా తీసుకోవాలనుకోలేదు, జవాబు కూడా గాలికి చెప్తారు. నోటిమాటగా ఆఫర్ చెప్పాక, మీరు ఓకే అనేముందు, ఆ మధ్య రోజుల్లో అడగండి. మీరు రావాలని వాళ్ళకి గట్టిగా ఉండేది అప్పుడే.

సరే, కటాఫ్ సెప్టెంబర్ 30 అని తేలింది, మీరేమో అక్టోబర్ 6. ఇప్పుడేం చేస్తారు? మూడు దారులు. ఉన్న కంపెనీలో నోటీస్ పీరియడ్ వారం తగ్గించమని అడగడం, మిగిలిన లీవ్స్ సర్దుబాటు చేయించుకోవడం, ఇది కుదిరితే దీనంత చవక దారి లేదు. లేదంటే కొత్త కంపెనీని "ఆరు రోజులే కాబట్టి ఎలిజిబిలిటీకి మినహాయింపు ఇవ్వగలరా" అని అడగడం, ఇస్తే మాత్రం అది ఆఫర్ లెటర్‌లోనే రాయించుకోవాలి, మెయిల్ సరిపోదు, ఎందుకంటే పాలసీ అంటే మెయిల్‌లో చెప్పొచ్చు గానీ పాలసీకి వ్యతిరేకంగా ఇచ్చే మాట ఏప్రిల్ నాటికి ఆ రిక్రూటర్ అక్కడ లేకపోతే ఎవరికీ గుర్తుండదు. రెండూ కుదరకపోతే మూడోది, "18 నెలలు హైక్ లేదు కాబట్టి ఫిక్స్‌డ్‌ని 100 బదులు 104 చేయండి" అని అడగడం. బేరంలో ఊరికే "ఇంకొంచెం పెంచండి" అనే బదులు ఇలా కారణం, అంకె రెండూ చెప్తే రిక్రూటర్ కూడా లోపల అప్రూవల్‌కి అదే కారణం రాసుకోవచ్చు, వాళ్ళ పనీ సులువు.

ఇప్పుడు ప్రమోషన్. ఇది హైక్‌తో కలిపి అడగకండి, విడిగా అడగండి, ఎందుకంటే నియమాలు వేరు. చాలాచోట్ల ప్రస్తుత గ్రేడ్‌లో కనీసం ఇన్ని నెలలు ఉండాలి అని ఒక రూల్ ఉంటుంది, దాంతోపాటు ఇన్ని రేటింగ్‌లు ఉండాలి అని ఇంకో రూల్ ఉంటుంది. జనం మొదటిదే అడుగుతారు, రెండోది అడగరు. పైన చెప్పిన కేసులోనే చూడండి. "గ్రేడ్‌లో 18 నెలలు" అన్నారు, బాగానే ఉంది. కానీ "రెండు సైకిల్స్ రేటింగ్ కావాలి" అని కూడా ఉందనుకోండి. అక్టోబర్ 6న చేరినవాళ్ళకి మొదటి సైకిల్‌లో రేటింగే రాదు, రెండో మార్చికి మొదటి రేటింగ్, మూడో మార్చికి రెండో రేటింగ్. అంటే దగ్గర దగ్గర 30 నెలలు. సెప్టెంబర్ 30న చేరినవాళ్ళకి ఆ ఆరు నెలల రేటింగ్‌ని కూడా లెక్కేస్తే 18 నెలలకే అర్హత వస్తుంది. లెక్కేస్తారా లేదా అన్నదే అడగాలి.

అర్హత వచ్చినంత మాత్రాన ప్రమోషన్ వచ్చినట్టు కాదు, అది మళ్ళీ వేరే కథ. కొన్ని టీమ్స్‌లో పై గ్రేడ్‌లో ఖాళీ ఉంటేనే, అంటే స్లాట్ ఉంటేనే ఇస్తారు. మీరెంత బాగా చేసినా పైన మనిషి కదలకపోతే మీరూ కదలరు. ఇది రిక్రూటర్‌కి తెలిసే అవకాశం తక్కువ, మీరు చేరబోయే టీమ్ మేనేజర్‌కే తెలుస్తుంది. "ఆఫర్ ఓకే చేసేముందు మేనేజర్‌తో 15 నిమిషాలు మాట్లాడించగలరా" అని రిక్రూటర్‌ని అడగండి, ఇందులో మొహమాటం అక్కర్లేదు. ఆ కాల్‌లో "గ్రోత్ ఎలా ఉంటుంది సర్" అన్నారంటే అరగంట స్పీచ్ వస్తుంది, ఏమీ మిగలదు. దాని బదులు "సర్, ఈ గ్రేడ్ నుంచి పై గ్రేడ్‌కి మీ టీమ్‌లో చివరిసారి ఎవరు వెళ్ళారు, ఆ టైమ్‌కి వాళ్ళు ఏ పని చూస్తున్నారు" అని అడగండి. నిజంగా జరిగి ఉంటే ఆయన వెంటనే మనిషిని గుర్తుతెచ్చుకుని చెప్తాడు, పేరు చెప్పకపోయినా "ఒకమ్మాయి, రిలీజ్ మొత్తం తనే చూసుకునేది, రెండేళ్ళు దాటాక వచ్చింది" లాంటి మాట వస్తుంది. గుర్తురాక "స్కోప్ చాలా ఉంది" అన్నాడంటే, టీమ్ కొత్తదేమో అడగండి, కొత్తదైతే పర్లేదు, నాలుగేళ్ళ టీమ్ అయితే ఆలోచించుకోండి.

ఇంకొకటి రిక్రూటర్ దగ్గరే తేలాల్సింది ఉంది. మీకిచ్చే ఫిక్స్‌డ్ ఆ గ్రేడ్ జీతాల రేంజ్‌లో ఎక్కడ ఉంది, కిందా, మధ్యలోనా, పైనా. అంకెలు చెప్పకపోవచ్చు, కింద మధ్య పైన అంటే చాలు. ఎందుకంటే రేంజ్ పైఅంచుకి దగ్గరగా చేరితే, అదే రేటింగ్ వచ్చినా కింద ఉన్నవాళ్ళకంటే తక్కువ శాతం హైక్ ఇచ్చే పద్ధతి చాలా కంపెనీల్లో ఉంది. బేరమాడి బాగా లాగామని మురిసిపోయి, రెండేళ్ళు 3 శాతం, 4 శాతం చూసి మేనేజర్‌కి నేనంటే పడదేమో అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆయన తప్పు కాదు, రేంజ్ అయిపోయింది అంతే. అలా పైఅంచున చేరుతున్నారంటే ప్రమోషన్ రూల్ మీకు ఇంకా ముఖ్యం, "పై గ్రేడ్‌లో ఇవ్వగలరా" అని ఇప్పుడే అడగడం కూడా సబబే.

కాల్ అయ్యాక అదేరోజు మెయిల్. మీకు అలవాటైన భాషలో రాసుకోండి, విషయం మాత్రం ఇంతే: "మేడమ్, ఇందాక మాట్లాడినదాని ప్రకారం నాకు అర్థమైంది ఇది. అక్టోబర్ 6న చేరితే వచ్చే ఏప్రిల్ సైకిల్‌కి ఎలిజిబుల్ కాను, ఆ పై ఏప్రిల్‌లో పూర్తి సైకిల్‌గా లెక్కిస్తారు. ప్రమోషన్‌కి గ్రేడ్‌లో 18 నెలలు, రెండు రేటింగ్‌లు కావాలి. ఎక్కడైనా తప్పుగా అర్థం చేసుకుని ఉంటే చెప్పండి." ప్రశ్నల్లా పంపితే జవాబు రావడానికి వారం పట్టొచ్చు, ఇలా రాసి పంపితే తప్పుంటే వెంటనే దిద్దుతారు. పాలసీ రేపు మారితే ఈ మెయిల్ పట్టుకుని ఏమీ చేయలేం, అది కూడా తెలుసుకునే ఉండండి.

వచ్చే భాగం దాకా అభ్యాసం: మీ చేతిలో ఆఫర్ ఉంటే దాని తేదీతో, లేకపోతే ఇప్పుడు చేస్తున్న ఉద్యోగంలో మీరు చేరిన తేదీతో లెక్కేయండి, చేరిన రోజు నుంచి మొదటి హైక్ చేతికొచ్చిన నెల దాకా ఎన్ని నెలలు పట్టింది, మొదటి రేటింగ్ ఎప్పుడొచ్చింది. 12 దాటితే ఎక్కడ దాటిందో పక్కన రాసుకోండి, కటాఫా, ప్రొబేషనా, లెటర్ లేటా. 4వ భాగంలో వేరియబుల్ పే తీసుకుందాం, నోటీస్‌లో ఉండగా ఆ డబ్బు వస్తుందా రాదా అన్నదానితో మొదలుపెడదాం.