టేబుల్ టెన్నిస్‌లో లాంగ్ పింపుల్స్‌తో చాప్ చేసేవాళ్లతో ఆడుతున్నారా?

తిరుపతిలో మేమాడే టేబుల్ దగ్గర ఒక పెద్దాయన బ్యాట్‌కి బ్యాక్‌హ్యాండ్ వైపు లాంగ్ పింపుల్స్, అంటే పొడవాటి బుడిపెలున్న రబ్బరు వాడతారు. దాంతో బంతిని పైనుంచి కిందికి కోసినట్టు చాప్ చేస్తారు. బంతి ముందుకు తిరిగేలా నేను ఎంత గట్టిగా టాప్‌స్పిన్ లూప్ కొడితే, ఆయన తిప్పి పంపాక నేను కొట్టే తర్వాతి బంతి అంతగా నెట్‌లో పడేది. కారణం తెలియడానికి నెలలు పట్టింది. పొడవాటి ఆ మెత్తని బుడిపెలు బంతిని పట్టుకోవు. అందుకే మన టాప్‌స్పిన్ తిరిగే దిశ మారకుండా, మనవైపు బ్యాక్‌స్పిన్‌గా, అంటే వెనక్కి తిరుగుతూ వస్తుంది. బంతి టేబుల్ మీద పడ్డాక ముందుకు దూకదు, ఆగినట్టు కిందే ఉంటుంది.

అప్పుడు మళ్లీ లూప్ కొట్టకండి, బంతి కిందనుంచి మెల్లగా నెట్టినట్టు పుష్ చేయండి. మీ పుష్‌లోని బ్యాక్‌స్పిన్ పింపుల్స్‌కి తగిలి, స్పిన్ లేకుండానో కొంచెం టాప్‌స్పిన్‌తోనో వస్తుంది. దాన్ని కొట్టేయండి. మళ్లీ పుష్ చేస్తే మాత్రం బంతి పైకి లేచిపోతుంది.

ఆయన బ్యాట్ తిప్పి నున్నటి రబ్బరుతో చాప్ చేస్తే ఈ లెక్క పనిచేయదు, స్పిన్ ఎంతో ఆయన మణికట్టే నిర్ణయిస్తుంది. అందుకే మ్యాచ్‌కి ముందు బ్యాట్ అడిగి, ఏ రంగు వైపు పింపుల్స్ ఉన్నాయో చూసుకోండి. రూల్స్ ప్రకారం చూపించాల్సిందే.