ద్రవ్య విధానం జవాబుల్లో మార్కులు ఎక్కడ పోతున్నాయి?

ప్రియమైన విద్యార్థులకు,

ఈ మూడు తప్పులు మీ జవాబుల్లో మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. మార్కులు ఎక్కువగా పోయేది మొదటిదాని దగ్గరే.

సమస్య: "కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు పెంచింది కాబట్టి ద్రవ్యోల్బణం తగ్గుతుంది" అని ఒక్క వాక్యంలో ముగించడం.

కారణం: మొదలూ చివరా రాసి, మధ్యలో జరిగేది వదిలేశారు. విశ్లేషణకు కేటాయించిన మార్కులన్నీ ఆ మధ్యలోనే ఉంటాయి.

పరిష్కారం: ప్రతి వాక్యం చివర "అయితే ఏమవుతుంది?" అని అడిగి, దానికి జవాబే తర్వాతి వాక్యంగా రాయండి. పాలసీ రేటు 4 శాతం నుంచి 5 శాతానికి పెరిగిందనుకోండి. బ్యాంకులకు నిధులు ఖరీదవుతాయి, అవి అప్పులపై వడ్డీ పెంచుతాయి. ఆ పెంపు పూర్తిగా ఖాతాదారుడి దాకా చేరితే, మారే రేటుపై 10 లక్షల అప్పున్న కుటుంబం ఏడాదికి సుమారు 10,000 అదనంగా వడ్డీ కట్టాలి. ఆ మేరకు ఖర్చు తగ్గించుకుంటుంది. సంస్థలూ కొత్త యంత్రాల కొనుగోలు వాయిదా వేస్తాయి. వినియోగం, పెట్టుబడి తగ్గడంతో సమిష్టి డిమాండు తగ్గి, ధరల పెరుగుదల నెమ్మదిస్తుంది. పటం గీస్తే డిమాండు రేఖను ఎడమకు జరపండి, సప్లై రేఖను కదిలించకండి.

ఇక మూల్యాంకనం. "ఇది ప్రతిసారీ పనిచేయకపోవచ్చు" అని రాస్తే సరిపోదు, ఈ గొలుసులో ఏ లింకు తెగుతుందో చెప్పండి. అప్పులు ఎక్కువగా స్థిర రేటుపై ఉంటే, పాత అప్పుల వాయిదాలు వెంటనే మారవు. ధరలు పెరగడానికి చమురు సరఫరా తగ్గడం కారణమైతే, వడ్డీ పెంచినంత మాత్రాన సరఫరా పెరగదు.

సమస్య: "రేటు పెరిగింది, కాబట్టి విధానం కఠినమైంది."

కారణం: నామమాత్రపు రేటును మాత్రమే చూశారు.

పరిష్కారం: అందులోంచి ప్రజలు ఆశించే ద్రవ్యోల్బణాన్ని తీసేయండి. రేటు 6, ఆశించే ద్రవ్యోల్బణం 8 అయితే వాస్తవ రేటు దాదాపు −2 శాతం. రేటు 7కి చేరేలోపు అంచనా 10కి పెరిగితే వాస్తవ రేటు −3కి పడిపోతుంది. అంటే రేటు పెంచినా అప్పు నిజానికి చవకైంది! దత్తాంశం ఇచ్చిన ప్రశ్నలో ఈ తీసివేత తప్పనిసరిగా చేసి చూపండి.

సమస్య: 4 నుంచి 5 శాతానికి పెరిగితే "1 శాతం పెరిగింది" అని రాయడం.

పరిష్కారం: అది 1 శాతం పాయింటు, అంటే 100 బేసిస్ పాయింట్లు. శాతాల్లో చెప్పాలంటే పెరుగుదల 25 శాతం.