మొదటిసారి విదేశానికి విమానమెక్కే పెద్దవారికి గ్రౌండ్ స్టాఫ్ ఎలా సాయం చేయాలి?

విశాఖపట్నం నుంచి సింగపూర్ వెళ్లే విమానానికి, అక్కడున్న కూతురినో కొడుకునో చూడటానికి మొదటిసారి బయలుదేరిన తల్లిదండ్రులు వస్తుంటారు. వారిని చూడగానే ముందుగా సంచి అందుకోకండి. డబ్బూ నగలూ అందులోనే ఉంటాయి కనుక కంగారు పడతారు. "నమస్కారం అమ్మా, ఎక్కడికి వెళుతున్నారు? పాస్‌పోర్టు, టికెట్టు, వీసా ఒకసారి చూపిస్తారా?" అని అడిగితే చాలు. "మొదటిసారా?" అని నలుగురిలో అడగకూడదు.

అసలు చిక్కు ఫారం దగ్గర వస్తుంది. సింగపూర్ వెళ్లేవారు అక్కడ దిగేముందు, దిగే రోజుతో కలిపి మూడు రోజుల లోపల SG Arrival Card అనే ఫారాన్ని ఆన్‌లైన్‌లో నింపాలి. ఇది ఉచితం, ఇది వీసా కాదు. డబ్బు అడిగే వెబ్‌సైటు ఏదైనా కనిపిస్తే వెంటనే మూసేయండి.

దీన్ని నింపేటప్పుడు ప్రయాణికురాలిని కుర్చీలో కూర్చోబెట్టి, పాస్‌పోర్టు ఆమె చేతిలోనే ఉంచి, పక్కన కూర్చుని అందులో ఉన్నది చూస్తూ రాయాలి. కౌంటర్ ముందు నిలబెట్టి "పేరు చెప్పండి, పుట్టినరోజు చెప్పండి" అని అడిగి రాసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, ఎందుకంటే తప్పులన్నీ అక్కడే పుడతాయి. లక్ష్మి అనే పేరు పాస్‌పోర్టులో Lakshmi అని ఉండవచ్చు, Laxmi అని ఉండవచ్చు. విని రాసేవారికి ఆ తేడా తెలియదు. ఇంట్లో పిలిచే పేరు వేరు, పాస్‌పోర్టులో ఇంటిపేరుతో సహా ఉన్న పేరు వేరు. పెద్దవారు తమకు గుర్తున్న పుట్టిన తేదీ చెబుతారు కాని, కాగితాల్లో ఉన్నది చాలాసార్లు మరొకటి.

పాస్‌పోర్టు నంబరులో మొదట ఒక ఇంగ్లీషు అక్షరం, తరువాత ఏడు అంకెలు ఉంటాయి కనుక, ఆ ఏడింటిలో గుండ్రంగా కనిపించేది సున్నాయే తప్ప O అక్షరం కాదు. ఈమెయిల్ లేదంటే మీది ఇవ్వకండి. కూతురికి ఫోన్ చేయించి ఆమెది తీసుకోండి, బస చేసే చిరునామా కూడా అప్పుడే అడిగి కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసివ్వండి. ఇమ్మిగ్రేషన్ అధికారి ఎక్కడ ఉంటారని అడిగినప్పుడు ఆ కాగితమే చూపవచ్చు. ఫారం పంపే ముందు ప్రతి వివరాన్నీ మీరు చదవాలి, ప్రయాణికురాలు పాస్‌పోర్టులో చూసి సరిచూసుకోవాలి. ఆమెకు ఇంగ్లీషు రాకపోతే మరో ఉద్యోగి చూడాలి.

సామాను పని సులువు: పవర్ బ్యాంకు చేతి సంచిలోకి, ఆవకాయ సీసా చెకిన్ పెట్టెలోకి. ఎండు కొబ్బరిని చెకిన్ పెట్టెలో పెట్టనివ్వరు కనుక పెట్టె ఇచ్చేయకముందే అడగండి. ట్యాగ్ రసీదును బోర్డింగ్ పాస్ వెనుక అంటించండి.

గేటు విషయంలో బోర్డింగ్ పాస్ మీద సీటు నంబరును గేటు నంబరుగా పొరబడేవారు ఎక్కువ. గేటు నంబరునూ బోర్డింగ్ సమయాన్నీ పెన్నుతో చుట్టి, గేటు మారవచ్చు కనుక లోపలి తెరను చూడమనీ, అనుమానం వస్తే యూనిఫాంలో ఉన్నవారిని అడగమనీ చెప్పి పంపండి.