స్లాబు కమ్మీల లెక్క – 6వ పాఠం: 16 మీటర్ల స్లాబుకు 12 మీటర్ల కమ్మీ

పోయిన పాఠంలో కమ్మీల సంఖ్య తేల్చాం. అప్పుడు ప్రతి కమ్మీ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒకటే ముక్క అనుకున్నాం. దుకాణంలో దొరికేది మాత్రం మామూలుగా 12 మీటర్ల కమ్మీయే.

తిరుపతిలో కడుతున్న ఒక లాడ్జి స్లాబు తీసుకుందాం. పొడవు 16 మీటర్లు, వెడల్పు 9 మీటర్లు, ప్రతి 4 మీటర్లకూ ఒక బీము. పొడవునా అడుగున 10 మిల్లీమీటర్ల కమ్మీలు, 150 మిల్లీమీటర్లకొకటి, మొత్తం 61 వరసలు. చివరల కవరు ఇక్కడ వదిలేద్దాం.

16 మీటర్లకు 12 మీటర్ల కమ్మీ చాలదు కాబట్టి ఇంకో ముక్క కలపాలి. ఆ రెండూ పక్కపక్కన కలిసి నడిచే పొడవే ల్యాపు. ముందు అది ఎంతో చూద్దాం. ఒక కమ్మీలోని లాగుడు రెండో కమ్మీకి కాంక్రీటు పట్టు ద్వారానే చేరాలి. బైండింగ్ వైరు కమ్మీలను కదలకుండా ఉంచుతుందే తప్ప ఆ బలాన్ని మోయదు. ఎఫ్ఈ 500 గాట్ల కమ్మీ, ఎం20 కాంక్రీటు అయితే కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం ఆ పట్టు విలువ చదరపు మిల్లీమీటరుకు 1.92 న్యూటన్లు. కమ్మీ బలంలో 0.87 వంతును ఆ పట్టుకు నాలుగు రెట్లతో భాగిద్దాం.

0.87 × 500 ÷ (4 × 1.92) = 56.6

అంటే కమ్మీ మందానికి 57 రెట్లు. 10 మిల్లీమీటర్లకు 570, మనం 600 పెడదాం. ఎం25 అయితే 49 రెట్లు చాలు. "అడుగున్నర చాల్లే సార్" అని మేస్త్రీ అంటే ఒప్పుకోకండి. అది 45 రెట్లే అవుతుంది.

ఎంత పెట్టాలన్నది తేలింది, ఎక్కడ పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. అడుగు కమ్మీకి లాగుడు ఎక్కువగా ఉండేది బీముల నడుమ. బీము దగ్గర తక్కువ. కాబట్టి మొదటి వరసలో ఎడమ చివర నుంచి 12 మీటర్ల కమ్మీ వేసి, కుడి వైపు నుంచి 4.6 మీటర్ల ముక్క కలపండి. ల్యాపు 11.4 నుంచి 12 మీటర్ల మధ్య, మూడో గది చివర బీము పక్కనే పడుతుంది. రెండో వరసలో కుడి నుంచి మొదలుపెట్టండి. ఈసారి ల్యాపు 4 నుంచి 4.6 మధ్య పడుతుంది. ఇలా వరస విడిచి వరస తిప్పితే ఒక చోట సగానికి మించి కమ్మీలు అతకవు.

అన్నీ ఒకే గీతలో అతికితే ల్యాపులు ముగిసే చోట స్లాబు అడ్డంగా చీలే ప్రమాదం ఉంది. కాంక్రీటు పోయకముందే సెంట్రింగు మీద నిలబడి చూడండి. జంట కమ్మీలు ఒకే చోట గుంపుగా, అడ్డంగా పట్టీలా కనిపిస్తే విప్పించాల్సిందే.

ఇక బరువు. ల్యాపులకు 61 × 0.6 = 36.6 మీటర్లు, మీటరుకు 0.617 కిలోల చొప్పున దాదాపు 22.6 కిలోలు. అసలు ఖర్చు పెరిగేది మిగులు ముక్కల దగ్గర. ఒక 12 మీటర్ల కమ్మీలో 4.6 ముక్కలు రెండు వస్తాయి, 2.8 మీటర్లు మిగులుతుంది. 61 ముక్కలకు 31 కమ్మీలు కోయాలి. మొత్తం తెప్పించేవి 92. అందులో మిగులు 91.4 మీటర్లు, సుమారు 56 కిలోలు. అది ల్యాపు బరువుకు రెట్టింపు కంటే ఎక్కువ.

ఆ 2.8 మీటర్ల ముక్కలను పాత ఇనుము కింద అమ్మనివ్వకండి. బీముల మీద పైన వేసే అదనపు కమ్మీ, బీముకు అటూ ఇటూ 1.2 మీటర్ల చొప్పున వెళ్తే చాలు. దానికి ఈ ముక్క సరిపోతుంది. వచ్చే పాఠంలో ఆ పై కమ్మీల లెక్క కడదాం.